వ్యూస్ తక్కువొచ్చినప్పుడు స్పాన్సర్‌కి లెక్కలతో లేఖ రాయడం ఎలా

ముప్పై రోజుల్లో రెండు లక్షల వ్యూస్ అని మాటిచ్చి చేసిన స్పాన్సర్డ్ వీడియో లక్షా ఇరవై నాలుగు వేల దగ్గర ఆగిపోయింది. స్పాన్సర్‌కి లేఖ రాయాలి. ఇలాంటప్పుడు చాలామంది రాసేది ఒకటే: "ఈమధ్య ఆల్గారిథం మారింది, అందరికీ రీచ్ పడిపోయింది, అయినా కామెంట్లు చాలా బాగున్నాయి." డబ్బు పెట్టిన మనిషికి ఇందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. తన 76,000 వ్యూస్ ఎక్కడ పోయాయన్నది ఆయన ప్రశ్న. లేఖ దానికే జవాబు చెప్పాలి.

ఆ 76,000ని రెండు ముక్కలు చేయడమే ఇక్కడ అసలు పని. మొదటిది, మనం మాటిచ్చేటప్పుడే ఎక్కువ చెప్పిన అంకె. రెండోది, వీడియో నిజంగా పోగొట్టుకున్న అంకె. రెండింటికీ కారణాలు వేరు, బాధ్యత వేరు. ఈ రెండూ కలిపేసి ఒకే కారణం చెబితే, లెక్క తెలిసిన ఏ మార్కెటింగ్ మేనేజరూ నమ్మరు.

కింద ఒక ఊహాత్మక ఉదాహరణని మొదటినుంచి చివరిదాకా లెక్క వేసి చూపిస్తాం. తెలుగు వంటల యూట్యూబ్ ఛానెల్, గానుగ నువ్వుల నూనె అమ్మే కంపెనీ స్పాన్సర్, పదకొండు నిమిషాల పండుమిరప పచ్చడి వీడియో. అందులో తొంభై సెకన్ల ప్రకటన, ఫీజు ₹1,20,000.

ముందు ఒప్పందం తీసి చదవండి

యూట్యూబ్ స్టూడియో తెరిచేముందు ఒప్పందం తెరవండి. వ్యూస్ గురించిన వాక్యంలో "గ్యారంటీ" అని ఉందా, "అంచనా" అని ఉందా? ఎన్ని రోజుల్లోపు? తక్కువైతే ఏం చేయాలో రాసుకున్నారా? ఒప్పందం లేకుండా వాట్సాప్‌లోనే మాట్లాడుకుని ఉంటే ఆ మెసేజ్‌లే ఒప్పందం అనుకోండి, వాటిని వెతికి పట్టుకోండి. "అంచనా" అని మాత్రమే ఉన్నా లేఖ రాయాల్సిందే. అలాంటప్పుడు మీరిచ్చే పరిహారం తప్పనిసరి కాదు, మీ అంతట మీరు ఇస్తున్నది. లేఖలో ఆ మాట వాడే తీరు దాన్నిబట్టి మారుతుంది.

ప్రకటన ఎక్కడ పెట్టాలో బ్రీఫ్‌లో ఉన్న వాక్యాన్ని కూడా తేదీతో సహా రాసి పెట్టుకోండి. మన ఉదాహరణలో "మొదటి నిమిషంలోపు ప్రకటన మొదలవ్వాలి" అని కంపెనీ అడిగింది, ఛానెల్ సరేనంది. ఇది తర్వాత అవసరమవుతుంది.

మీ మామూలు వీడియో ఎంత తెస్తుందో తేల్చండి

ఈ వీడియోకి ముందు వేసిన, ఇదే రకం పది వీడియోలు తీసుకోండి. లాంగ్ వీడియోలే తీసుకోవాలి, షార్ట్స్ కలపకూడదు. 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో వీడియో ఆడటం మొదలైతే చాలు, వ్యూ కింద లెక్కేస్తున్నారు. ఆ అంకెలకీ వీటికీ పొంతన ఉండదు. ఒక్కో వీడియోకీ విడుదలైన మొదటి ముప్పై రోజుల వ్యూస్ మాత్రమే రాయండి. ఈరోజు కనిపించే మొత్తం వ్యూస్ రాస్తే ఏడాది పాత వీడియోకి అన్యాయంగా లాభం వస్తుంది.

మన ఛానెల్ అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం: 5,60,000, 2,30,000, 2,05,000, 1,96,000, 1,88,000, 1,76,000, 1,68,000, 1,59,000, 1,41,000, 1,27,000. సగటు చూస్తే 2,15,000. రెండు లక్షలని మాటిచ్చింది ఈ సగటు చూసే. కానీ ఆ సగటుని పైకి లాగింది ఒకే ఒక్క వీడియో. 5,60,000 వచ్చినదాన్ని పక్కనపెడితే మిగతా తొమ్మిదింటి సగటు 1,77,000 లోపే. పదింటిలో రెండు లక్షలు దాటినవి మూడే.

అందుకే సగటు వద్దు, మధ్యస్థం తీసుకోండి. అంటే అంకెల్ని వరుసలో పెడితే సరిగ్గా నడిమధ్యన పడేది. షీట్‌లో బీ కాలమ్‌లో పది అంకెలూ ఉంటే ఇంతే:

```
=MEDIAN(B2:B11)
```

ఇక్కడ 1,82,000 వస్తుంది. పోలికకి ఆ మధ్యస్థం దగ్గర్లో ఉన్న ఒక నిజమైన వీడియోని ఎంచుకోండి. 1,76,000 వచ్చిన గోంగూర పచ్చడి వీడియో మనకి సరిపోతుంది: అదీ పచ్చడే, నిడివి ఇంచుమించు అంతే, అందులోనూ తొంభై సెకన్ల ప్రకటన ఉంది. కాకపోతే అది నాలుగో నిమిషంలో వస్తుంది. ఆ ప్రకటన ఎవరిదో మాత్రం లేఖలో రాయకండి. ఒక స్పాన్సర్ అంకెలు ఇంకో స్పాన్సర్‌కి పేరుతో చూపిస్తే ఇద్దరి నమ్మకమూ పోతుంది.

ఇప్పుడు మొదటి ముక్క తేలింది. 2,00,000 లోంచి 1,76,000 తీసేస్తే 24,000. ఈ వీడియో మామూలుగా ఆడి ఉన్నా ఇవి వచ్చేవి కావు. తప్పు వీడియోది కాదు, మాటిచ్చిన అంకెది. ఈ ముక్కని దాచాలనిపిస్తుంది. దాచకండి, అవతలివాళ్లు మీ పాత వీడియోల వ్యూస్ బయటినుంచే చూడగలరు.

మిగిలిన 52,000 ఎక్కడ పోయాయి

రెండు వీడియోల ముప్పై రోజుల అంకెలూ పక్కపక్కన పెట్టండి. అనలిటిక్స్‌లో `Advanced mode` లోకి వెళ్లి `Compare to` నొక్కితే పోలిక వస్తుంది, అక్కడినుంచే సీఎస్‌వీ కూడా దించుకోవచ్చు. రెండు జాగ్రత్తలు ఉన్నాయి. అంకెలు పూర్తిగా చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, కాబట్టి ముప్పయ్యో రోజు సాయంత్రం కాకుండా ముప్పై రెండో రోజున దించండి. అనలిటిక్స్ తేదీలు అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం మారతాయి, అంటే మనకి మధ్యాహ్నం పన్నెండున్నరకి, చలికాలంలో ఒకటిన్నరకి. తేదీల వారీగా చూస్తే "మొదటి రోజు" సగం రోజే అయ్యుండొచ్చు. విడుదలైన గంట నుంచి లెక్కించిన ఇరవై నాలుగు గంటల అంకెలే పోల్చండి.

వ్యూస్‌ని రెండు దారులుగా విడదీయండి. ఒకటి, యూట్యూబ్ లోపల థంబ్‌నెయిల్ చూసి నొక్కినవి. రెండు, నోటిఫికేషన్లు, వాట్సాప్ లింకులు, ఎండ్ స్క్రీన్ల వంటి వాటినుంచి వచ్చినవి. థంబ్‌నెయిల్ కనీసం సగం, సెకనుకి పైగా తెరమీద కనిపిస్తేనే ఒక ఇంప్రెషన్. రెండో దారిలో వచ్చినవాటికి ఇంప్రెషన్ లెక్క ఉండదు. సీటీఆర్ అంటే ఇంప్రెషన్లలో ఎంత శాతం నొక్కారన్నది. అందుకే మొత్తం వ్యూస్‌ని ఇంప్రెషన్లతో భాగిస్తే వచ్చేది సీటీఆర్ కాదు. ఈ పొరపాటు లేఖలో కనబడితే మిగతా లెక్కలన్నీ అనుమానంలో పడతాయి.

గోంగూర వీడియోకి 24,50,000 ఇంప్రెషన్లు, సీటీఆర్ 5.4 శాతం. అంటే 1,32,300 వ్యూస్. మిగతా 43,700 రెండో దారిలో వచ్చాయి. పండుమిరప వీడియోకి 14,60,000 ఇంప్రెషన్లు, సీటీఆర్ 5.6 శాతం. అంటే 81,760. మిగతా 42,240 రెండో దారిలో. చూశారా, రెండో దారి ఇంచుమించు సమానం. తగ్గిన 52,000లో 50,540 మొదటి దారిలోనే పోయాయి. అదీ సీటీఆర్ వల్ల కాదు, ఇంప్రెషన్లు తగ్గడం వల్ల.

ఇక్కడ తొందరపడి "మా సీటీఆర్ పెరిగింది, థంబ్‌నెయిల్ బాగుంది, యూట్యూబే చూపించలేదు" అని రాసేయకండి. వీడియో తక్కువమందికి, అంటే ఛానెల్‌ని బాగా ఇష్టపడేవాళ్లకే కనిపించినప్పుడు సీటీఆర్ ఎక్కువగానే ఉంటుంది. కొత్తవాళ్లకి చూపించేకొద్దీ తగ్గుతుంది. ముప్పై రోజుల సీటీఆర్‌తో థంబ్‌నెయిల్‌ని తూచలేం. మొదటి ఇరవై నాలుగు గంటలు చూడండి, ఆ సమయానికి రెండు వీడియోలూ ఇంచుమించు ఒకేరకం జనానికి కనిపించాయి. గోంగూరకి 2,80,000 ఇంప్రెషన్లు, 6.3 శాతం. పండుమిరపకి 2,90,000 ఇంప్రెషన్లు, 6.1 శాతం. కాబట్టి థంబ్‌నెయిల్, టైటిల్ దోషం పెద్దగా లేదు. మొదటి రోజు ఇంప్రెషన్లు సమానంగా ఉండి మూడో రోజునుంచి సగానికి పడిపోయాయి. వచ్చినవాళ్లు మధ్యలోనే వెళ్లిపోతుంటే యూట్యూబ్ ఆ వీడియోని చూపించడం తగ్గిస్తుంది, కాబట్టి నొక్కి లోపలికి వచ్చినవాళ్లు ఏం చేశారన్నది చూడాల్సిన సమయం ఇదే.

సీటీఆరే మొదటి రోజు బాగా తక్కువగా ఉండుంటే కథ వేరు. అప్పుడు థంబ్‌నెయిల్, టైటిల్ మీ పని కాబట్టి ఆ బాధ్యత మీదేనని రాసేయాలి.

రిటెన్షన్ గ్రాఫ్ చదవడం

రిటెన్షన్ గ్రాఫ్ అంటే వీడియోలో ఏ క్షణానికి ఎంత శాతం వ్యూస్ ఇంకా నడుస్తున్నాయో చూపే గీత. రెండు వీడియోల రిటెన్షన్ గ్రాఫ్‌ల మీద వేలు నడిపినట్టు ఒక్కో క్షణం దగ్గర ఆగి శాతం రాసుకోండి. నలభయ్యో సెకను దగ్గర గోంగూర 72 శాతం, పండుమిరప 71. ఇక్కడిదాకా కవలపిల్లలే. పండుమిరపలో నలభయ్యో సెకనుకి ప్రకటన మొదలై 2:10కి ముగిసింది. 2:10 దగ్గర గోంగూర 54, పండుమిరప 43. పండుమిరప గ్రాఫ్ ఆ తొంభై సెకన్లలోనే జారుడుబల్ల ఎక్కింది.

ఇంతటితో "ప్రకటన వల్లే" అనకండి. వీడియోనే విసుగ్గా ఉందేమోనన్న అనుమానం అవతలివాళ్లకి తప్పకుండా వస్తుంది. దానికీ లెక్క ఉంది. 2:10 నుంచి ఎనిమిదో నిమిషం దాకా చూడండి. గోంగూర 54 నుంచి 38కి, పండుమిరప 43 నుంచి 30కి దిగాయి. రెండూ తమ దగ్గర మిగిలినవాళ్లలో ఇంచుమించు 30 శాతం మందినే పోగొట్టుకున్నాయి. అంటే ప్రకటన తర్వాత వీడియో గోంగూరకి ఏమీ తీసిపోలేదు. తేడా పుట్టింది ఆ తొంభై సెకన్లలో.

స్పాన్సర్‌కి వ్యూస్ కన్నా ముఖ్యమైన అంకె ఇక్కడే దొరుకుతుంది. తమ మాట చివరిదాకా ఎన్నిసార్లు వినబడింది? పండుమిరపలో ప్రకటన మొదలయ్యేసరికి 1,24,000లో 71 శాతం, అంటే 88,040 వ్యూస్ ఉన్నాయి. ముగిసేసరికి 43 శాతం, 53,320. గోంగూరలో నాలుగో నిమిషానికి 44 శాతమే ఉన్నా, 1,76,000లో అది 77,440. ప్రకటన ముగిసే 5:30కి 41 శాతం, 72,160. ముందు పెట్టడం వల్ల ప్రకటన మొదలు చూసినవి పెరిగాయి, పూర్తిగా చూసినవి తగ్గాయి. కూపన్ కోడ్ చెప్పేది చివర్లోనే కాబట్టి కంపెనీకి కావలసింది రెండో అంకె. ఇవి వ్యూస్ లెక్కే తప్ప మనుషుల లెక్క కాదు, ఒకరే రెండుసార్లు చూసుండొచ్చు. ఆ మాట కూడా ఒక వాక్యంలో రాయండి.

ఒక్క జత వీడియోలతో ఇది రుజువైపోదు. ప్రకటన ముందే పెట్టిన పాత వీడియోలు మీ దగ్గర ఇంకా ఉంటే అవీ చూడండి. వాటిలోనూ ఇదే జారుడు ఉంటే మీ మాటకి బలం వస్తుంది, లేకపోతే "ప్రధాన కారణంగా కనిపిస్తోంది" అన్నదగ్గరే ఆగండి.

మిగతా కారణాలని పరీక్షించి పక్కన పెట్టండి

పండగ, క్రికెట్ మ్యాచ్, పరీక్షలు అని రాయాలనిపిస్తే ముందు ఆ వారంలో మీ మిగతా వీడియోల వ్యూస్ చూడండి. సీజన్ దెబ్బ అయితే అన్నింటికీ తగలాలి. పాత వీడియోలు ఎప్పటిలాగే ఆడి ఇదొక్కటే పడిపోతే ఆ కారణం చెల్లదు.

"పెయిడ్ ప్రమోషన్ అని టిక్ పెట్టాం, అందుకే రీచ్ తగ్గింది" అన్నది ఇంకో అలవాటు మాట. ఇక్కడ దానికి అవకాశమే లేదు, ఎందుకంటే గోంగూర వీడియోకీ ఆ టిక్ ఉంది. అయినా ఆ టిక్ తీసేయగలిగేది కాదు. డబ్బు తీసుకున్న వీడియోకి అది యూట్యూబ్ నియమం, ప్రకటన అని చెప్పమని ప్రకటనల రంగపు స్వీయ నియంత్రణ సంస్థ ఏఎస్‌సీఐ మార్గదర్శకాలూ అంటున్నాయి.

తగ్గిన వ్యూస్‌ని గుట్టుగా యాడ్స్ పెట్టి నింపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అవి ట్రాఫిక్ సోర్స్‌లో `YouTube advertising` కింద విడిగా కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్ అడిగిన రోజున మోసం చేసినట్టే అవుతుంది.

పరిహారం మీరే ప్రతిపాదించండి

"ఏం చేయమంటారో చెప్పండి" అని లేఖ ముగిస్తే బేరం మొదలవుతుంది. లెక్క మీరే వేయండి. ₹1,20,000ని 2,00,000తో భాగిస్తే వ్యూకి 60 పైసలు. 76,000 తగ్గాయి కాబట్టి ₹45,600. బాధ్యత పంచుకోవాల్సి ఉన్నా లెక్క మొత్తం 76,000 మీదే వేయడం మంచిది. ప్రకటన ముందు పెట్టడానికి మీరూ ఒప్పుకున్నారు, దాని ఫలితం ఇలా ఉండొచ్చని చెప్పాల్సింది కూడా మీరే.

దానికి బదులుగా తర్వాతి వీడియోలో నాలుగో నిమిషం దగ్గర తొంభై సెకన్ల ప్రకటన ఉచితంగా ఇస్తామని రెండో దారి చూపండి. అందులో మాటిచ్చే అంకె 76,000 మాత్రమే. పది వీడియోల్లో అన్నిటికన్నా తక్కువ వచ్చింది 1,27,000, ఈ వీడియోకే 1,24,000 వచ్చాయి. కాబట్టి ఈ మాట నిలబడుతుంది. మళ్లీ రెండు లక్షలనకండి. డబ్బు వెనక్కిస్తే, జీఎస్టీ ఇన్‌వాయిస్ ఇచ్చి ఉన్నట్లయితే క్రెడిట్ నోట్ ఇవ్వాలి. మీ ఆడిటర్‌కి లేఖ పంపేముందే చెప్పండి.

లేఖ

రెండు ఫోన్ తెరలు దాటకూడదు. అంకె ముందు, కారణం తర్వాత, పరిహారం చివర.

> విషయం: పండుమిరప పచ్చడి వీడియో, 30 రోజుల ఫలితం, లోటు వివరాలు
>
> మేడమ్ గారికి నమస్కారం.
>
> మన వీడియోకి 30 రోజుల్లో 2,00,000 వ్యూస్ అని ఒప్పుకున్నాం. వచ్చినవి 1,24,000. లోటు 76,000, అంటే 38 శాతం. ఇందుకు చింతిస్తున్నాం. లోటు ఎలా వచ్చిందో కింద రాస్తున్నాం.
>
> ఇందులో 24,000 మా అంచనా తప్పు. మా గత పది వీడియోల సగటు చూసి 2,00,000 అన్నాం. ఆ సగటుని ఒకే వీడియో పెంచింది. పదింటిలో 2,00,000 దాటినవి మూడే. ఇలాంటి మామూలు వీడియో మాకు తెచ్చేది 1,76,000 దాకా.
>
> మిగతా 52,000 ఈ వీడియో పోగొట్టుకున్నవి. మొదటి 24 గంటల్లో ఇంప్రెషన్లు, సీటీఆర్ మా మామూలు వీడియోకి సమానంగా ఉన్నాయి. మూడో రోజునుంచి ఇంప్రెషన్లు సగానికి తగ్గాయి. రిటెన్షన్ చూస్తే 0:40 నుంచి 2:10 మధ్య 71 శాతం నుంచి 43కి పడింది. మామూలు వీడియోలో అదే చోట 72 నుంచి 54. ప్రకటన వచ్చిన సమయం అదే. దాని తర్వాత రెండు వీడియోలూ ఒకే తీరులో నడిచాయి. అందువల్ల ప్రకటనని మొదటి నిమిషంలో పెట్టడమే ప్రధాన కారణంగా కనిపిస్తోంది. అది బ్రీఫ్‌లో మీరు అడిగినది, మేం ఒప్పుకున్నది. ఇలా జరగొచ్చని ముందే చెప్పాల్సిన బాధ్యత మాది.
>
> ప్రకటన చివరిదాకా ఆడిన వ్యూస్ 53,320. మా వీడియోల్లో నాలుగో నిమిషం దగ్గర పెట్టిన అదే నిడివి ప్రకటన చివరిదాకా 72,160 వ్యూస్‌లో ఆడింది. ఇవి వ్యూస్ లెక్క, మనుషుల లెక్క కాదు. మీ కూపన్ మీద వచ్చిన ఆర్డర్ల సంఖ్య పంపగలిగితే పక్కన పెట్టి చూస్తాం.
>
> లోటుకి రెండు దారులు. ఒకటి, వ్యూకి 60 పైసల చొప్పున ₹45,600 పదిహేను రోజుల్లో వెనక్కి ఇస్తాం. రెండు, వచ్చే నెల వీడియోలో నాలుగో నిమిషం దగ్గర 90 సెకన్ల ప్రకటన ఉచితంగా చేస్తాం, 30 రోజుల్లో కనీసం 76,000 వ్యూస్‌కి మాట ఇస్తాం. మీకు ఏది అనుకూలమో వచ్చే శుక్రవారంలోగా చెప్పగలరు.
>
> జతచేసినవి: రెండు వీడియోల ఇంప్రెషన్లు, రిటెన్షన్ స్క్రీన్‌షాట్లు, పది వీడియోల పట్టిక.

"మీరు అడిగినది, మేం ఒప్పుకున్నది" అన్న వాక్యంలో రెండు భాగాలూ ఉండాలి. మొదటిది మాత్రమే ఉంచితే నింద మోపినట్టు ఉంటుంది, రెండోది మాత్రమే ఉంచితే వచ్చేసారీ అదే బ్రీఫ్ వస్తుంది.

స్క్రీన్‌షాట్లలో తేదీల పరిధి, వీడియో పేరు కనబడేలా తీయండి, కత్తిరించిన గ్రాఫ్‌లు పంపకండి. గోంగూర వీడియో స్క్రీన్‌షాట్‌లో ఆ పాత స్పాన్సర్ పేరు థంబ్‌నెయిల్ మీదగానీ టైటిల్‌లోగానీ ఉంటే దాన్ని మాత్రం కప్పేసి, కప్పామని రాయండి.

ఇక ఈ లేఖ ముప్పై రెండో రోజున స్పాన్సర్‌కి మొదటిసారిగా తెలిసే వార్త కాకూడదు. గోంగూర వీడియోకి ముప్పై రోజుల వ్యూస్‌లో 60 శాతం మొదటి వారంలోనే వచ్చాయనుకోండి. పండుమిరపకి ఏడో రోజుకి 71,000 ఉంటే, 60 శాతం లెక్కన ముప్పై రోజులకి 1,18,000 దగ్గర ఆగుతుందని ఎనిమిదో రోజునే తెలుస్తుంది. ఆరోజే ఒక ఫోన్ చేసి, "మేడమ్, ఇది లక్షా ఇరవై వేల దగ్గర ఆగేలా ఉంది, నెల నిండాక పూర్తి లెక్క రాసి పంపుతాం" అని చెప్పండి. వాళ్లు తమ పైవాళ్లకి చెప్పుకోవడానికి మూడు వారాల టైం దొరుకుతుంది.